కలిసి వెబినార్ చేద్దామని ఇంకో సంస్థను ఎలా అడగాలి: పని, పేర్లు ముందే పంచుకుని

"మనం కలిసి ఒక వెబినార్ చేద్దామా?" అని మెయిల్ పెడితే చాలామంది "తప్పకుండా, ఒకసారి మాట్లాడుకుందాం" అనే జవాబిస్తారు. ఆ మాట్లాడుకోవడం మాత్రం జరగదు. వాళ్ళకు ఇష్టం లేక కాదు. ఆ ఒక్క ప్రశ్నతో వాళ్ళ నెత్తిన చాలా పని పెట్టేశాం. ఏ విషయం మీద, ఎప్పుడు, స్లైడ్లు ఎవరు చేస్తారు, జనాన్ని ఎవరు పిలుస్తారు అన్నీ వాళ్ళే ఆలోచించుకోవాలి. వీటన్నిటి వెనక పైకి చెప్పని భయం ఇంకొకటి ఉంటుంది: ఎన్నేళ్ళుగానో కూడబెట్టుకున్న మా కస్టమర్ల పేర్లు వీళ్ళ చేతికి వెళ్ళిపోతాయా?

అందుకే మొదటి ఉత్తరంలోనే రెండు విషయాలు తేలిపోవాలి. ఏ పని ఎవరిది, వచ్చినవాళ్ళ వివరాలు ఎవరికి. అవి రాసి ఉంటే ఎదుటివాళ్ళు "సరే" అనొచ్చు, లేదా "ఇది మార్చండి" అనొచ్చు. రెండిట్లో ఏదైనా మీ పని ముందుకు వెళ్ళినట్టే.

ఒక ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్దాం. మీరు చిన్న సంస్థలకు జీతాల లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నారు. మీ మెయిల్ లిస్టులో 1,500 మంది ఉన్నారు. ఉద్యోగుల హాజరు, షిఫ్టులు చూసే యాప్ అమ్మే ఒక సంస్థ మీ కంట్లో పడింది. వాళ్ళ లిస్టు 6,000.

ముందు వాళ్ళు సరైనవాళ్ళేనా చూసుకోండి

ఇద్దరి కస్టమర్లూ చిన్న సంస్థలే అని తేలితే సరిపోదు. ఆ సంస్థలో ఎవరు కొంటారన్నది చూడాలి. జీతాల సాఫ్ట్‌వేర్‌ను అకౌంట్స్ చూసే మనిషి కొంటూ, హాజరు యాప్‌ను ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ కొంటూ ఉంటే, వాళ్ళ లిస్టులో ఉన్నదంతా సూపర్‌వైజర్లే. మీ వెబినార్‌కు వచ్చినా మీ మాట వాళ్ళకు పట్టదు. వాళ్ళ వెబ్‌సైట్లో కస్టమర్ల మాటలు వేసిన చోట పేరు కింద హోదా ఉంటుంది కదా, అది చదవండి. "హెచ్‌ఆర్ మేనేజర్", "యజమాని" లాంటివి ఎక్కువ కనిపిస్తే మీకు పనికొస్తారు.

తర్వాత పోటీ సంగతి. ఈ రోజు మీ సరుకూ వాళ్ళ సరుకూ వేరు కావచ్చు, ఆరు నెలల తర్వాత సంగతేమిటి? హాజరు యాప్ వాళ్ళు పేరోల్ తెలిసిన ఇంజనీరు కావాలని ఉద్యోగ ప్రకటన వేసి ఉంటే, వాళ్ళు మీ వీధిలోకి వస్తున్నారని అర్థం. ధరల పేజీలో "త్వరలో" అని రాసిన వరుసలు కూడా చూడండి. ఇలాంటి గుర్తు ఒక్కటి కనిపించినా నేనైతే ఇంకొకరిని వెతుక్కుంటాను. అలాంటి వాళ్ళతో వెబినార్ చేస్తే మీ కస్టమర్ల సమస్యలన్నీ మీరే వాళ్ళకు విడమరిచి చెప్పినట్టవుతుంది.

లిస్టు ఎంత పెద్దదన్న దానికంటే ముఖ్యం, వాళ్ళు ఆ లిస్టుకు మామూలుగా మెయిళ్ళు పంపుతున్నారా అన్నది. వాళ్ళ న్యూస్‌లెటర్‌కు మీరే సైన్ అప్ చేసి రెండు మూడు వారాలు చూడండి. ఒక్క మెయిల్ కూడా రాకపోతే ఆ 6,000 మంది చాలాకాలంగా వాళ్ళ పేరు మర్చిపోయి ఉంటారు. అలాంటి లిస్టుకు ఉన్నట్టుండి ఆహ్వానం పంపితే తెరిచేవాళ్ళ కంటే స్పామ్ నొక్కేవాళ్ళే ముందు కదులుతారు.

ఒకరి పని ముగిసి ఇంకొకరి పని మొదలయ్యే చోట విషయాన్ని పట్టుకోండి

"చిన్న సంస్థల్లో ఉద్యోగుల నిర్వహణ" అని పేరు పెడితే ఎవరూ రారు. సగం సేపు వాళ్ళ యాప్, సగం సేపు మీ సాఫ్ట్‌వేర్ చూపించే రెండు ప్రకటనల్లా తయారవుతుంది. ఇద్దరూ ఉంటే తప్ప పూర్తిగా చెప్పలేని విషయం కావాలి.

మన ఉదాహరణలో అది నెలాఖరున దొరుకుతుంది. ఒక ఉద్యోగి 28న సెలవు పెట్టాడు, మేనేజర్ 2న మంజూరు చేశాడు, జీతాల లెక్క మాత్రం 30నే మూసేశారు. ఆ రోజు జీతం కోత పడుతుంది, ఉద్యోగి వచ్చి గొడవ పెడతాడు, వచ్చే నెల సర్దుబాటు చేయాలి. తప్పు హాజరు పట్టీ దగ్గర మొదలైంది, కనిపించింది జీతం చీటీలో. దీన్ని హాజరు యాప్ వాళ్ళు సగమే చెప్పగలరు, మీరూ సగమే చెప్పగలరు. "హాజరు పట్టీ నుంచి జీతం చీటీ దాకా: నెలాఖరు తప్పులు ఎక్కడ పుడతాయి" అని పేరు పెడితే చూసినవాళ్ళకు వెంటనే తమ ఆఫీసు గుర్తొస్తుంది.

విషయం బాగా కుదిరిందా లేదా అన్నది ఇలా తేల్చుకోవచ్చు. వాళ్ళ భాగం తీసేసి మీ భాగం ఒక్కటే చెబితే వెబినార్ నిలబడుతుందా? నిలబడితే మీకు వాళ్ళ లిస్టు కావాలే తప్ప వాళ్ళు అక్కర్లేదని అర్థం. ఎదుటివాళ్ళకూ ఆ సంగతి తెలిసిపోతుంది.

పనులు సగం సగం చేయకండి, ఒక్కో పనికి ఒక్కరే

"అన్నీ కలిసి చేద్దాం" అంటే వినడానికి బాగుంటుంది కానీ, చివరి వారంలో రిమైండర్ మెయిల్ పంపింది ఎవరో ఎవరికీ తెలియదు. ప్రతి పనికీ ఒక్క సంస్థ, ఆ సంస్థలో ఒక్క మనిషి పేరు ఉండాలి. మిగతావాళ్ళు చూసి సరే అంటారు, అంతే.

లిస్టులు సమానంగా లేనప్పుడు పని కూడా సమానంగా ఉండకూడదు. ఇక్కడ వాళ్ళు 6,000 మందిని పిలుస్తున్నారు, మీరు 1,500 మందిని. ఆ తేడాను మీ శ్రమతో పూడ్చాలి. స్లైడ్ల చట్రం మీరు చేయండి. ఆహ్వానం మెయిళ్ళు రెండు సంస్థలకూ సరిపోయేలా మీరే రాసి ఇవ్వండి, వాళ్ళు తమ ధోరణిలోకి మార్చుకుని పంపుకుంటారు. పోస్టర్లు, రిహార్సల్, ఆ రోజు చాట్‌లో ప్రశ్నలు ఏరి అందించే మనిషి, తర్వాత రికార్డింగును కోసి సిద్ధం చేయడం మీ వైపు. వాళ్ళ వైపు మిగిలేది మూడే: ఒక వక్త, 15 నిమిషాల మాట, తమ లిస్టుకు రెండు మెయిళ్ళు. ఇలా ఉంటే వాళ్ళ మార్కెటింగ్ మనిషి పై అధికారిని అడగడానికి కూడా జంకడు.

ఒక్క పని మాత్రం మీకు సులువైనా వాళ్ళకే ఇవ్వమంటాను. అది రిజిస్ట్రేషన్ పేజీ. పేజీ ఎవరి ఖాతాలో ఉంటే పేర్లన్నీ ముందు వాళ్ళ దగ్గరే చేరతాయి. పెద్ద లిస్టు ఉన్నవాళ్ళ భయం సరిగ్గా దాని గురించే. పేజీలో ఏం రాయాలో మీరు రాసి పంపండి, వాళ్ళు తమ ఖాతాలో పెట్టుకుంటారు. వాళ్ళకు గంట పని కూడా ఉండదు, మనసులో ఉన్న భయం మాత్రం పోతుంది.

వచ్చినవాళ్ళ పేర్లు ఎవరికి

ఇక్కడ ఒక గీత గట్టిగా గీసుకోండి: లిస్టులు ఎప్పుడూ చేతులు మారవు. మీ లిస్టుకు మీరే మెయిల్ పంపుతారు, వాళ్ళ లిస్టుకు వాళ్ళే. "మీ ఎక్సెల్ షీట్ పంపండి, మేమే పంపేస్తాం" అన్న మాట మీ నోట రాకూడదు, వాళ్ళ నోట వచ్చినా ఒప్పుకోకూడదు. పేరు తెలియని సంస్థ నుంచి మెయిల్ వస్తే జనం స్పామ్ నొక్కుతారు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, రోజుకు 5,000 కంటే ఎక్కువ మెయిళ్ళు జీమెయిల్ ఖాతాలకు పంపేవాళ్ళను స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోమంటోంది. 6,000 మందిలో 0.3 శాతమంటే 18 మంది. మీ లిస్టు అంతకంటే చిన్నదైనా ఫిర్యాదులు పెరిగితే రేపటి మామూలు మెయిళ్ళు కూడా స్పామ్ ఫోల్డర్‌లో పడతాయి.

మరి కొత్తగా రిజిస్టర్ అయినవాళ్ళ సంగతి? ఫారంలో రెండు గడులు పెట్టండి. "ఈ విషయాల మీద హాజరు యాప్ సంస్థ నాకు మెయిల్ పంపవచ్చు" అని ఒకటి, "జీతాల సాఫ్ట్‌వేర్ సంస్థ నాకు మెయిల్ పంపవచ్చు" అని ఇంకొకటి. "యాప్ సంస్థ" అని ఊరుకోకుండా రెండు చోట్లా అసలు పేర్లే రాయాలి, గడులు ఖాళీగానే ఉండాలి. ముందే టిక్ పెట్టి ఉంచిన గడి యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి కిందకు రాదు. మీరున్న దేశంలో నియమం ఎలా ఉన్నా ఈ పద్ధతే మంచిది. ఇష్టపడి టిక్ పెట్టిన 40 మంది, తెలియకుండా లిస్టులోకి వచ్చిన 150 మంది కంటే మీకు ఎక్కువ పనికొస్తారు.

ఎవరు ఎవరి ద్వారా వచ్చారో తెలియాలంటే ఒక్కో దారికీ వేరే లింక్ ఉండాలి. కింద utm_source తర్వాత ఉన్న మాటే ఆ దారి పేరు:

```
https://example.com/webinar?utm_source=attendance&utm_medium=email
https://example.com/webinar?utm_source=payroll&utm_medium=email
https://example.com/webinar?utm_source=social&utm_medium=post
```

జూమ్ వెబినార్‌లో అయితే ఇలా వచ్చిన దారిని నమోదు చేసే లింకులు తయారుచేసుకునే సౌకర్యం అందులోనే ఉంది. ఏది వాడినా మెయిళ్ళు పంపేముందు మూడు లింకుల ద్వారా మీరే రిజిస్టర్ అయి, మూడు వరుసల్లోనూ దారి పేరు సరిగా పడిందా చూడండి. కొన్ని పేజీలు లింకులోని ఆ utm ముక్కను ఫారం దాకా మోసుకెళ్ళవు. వెబినార్ అయ్యాక చూస్తే అందరూ "తెలియదు" అనే ఒకే వరుసలో ఉంటారు. ఇక అక్కడి నుంచి ఎవరు ఎంతమందిని తెచ్చారనే వాదన మొదలవుతుంది.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. మొత్తం 180 మంది రిజిస్టర్ అయ్యారనుకోండి. 120 మంది వాళ్ళ లింక్ నుంచి, 40 మంది మీ లింక్ నుంచి, 20 మంది పోస్టర్లు చూసి. వాళ్ళ 120 మందిలో 45 మంది మీ గడిలో టిక్ పెట్టారు. ఆ 45 పేర్లే మీకు వస్తాయి, మిగతా 75 మంది జోలికి మీరు వెళ్ళరు. మీ 40 మందిలో 15 మంది వాళ్ళ గడిలో టిక్ పెడితే ఆ 15 మందితోనే వాళ్ళు మాట్లాడతారు. పేజీ వాళ్ళ ఖాతాలో ఉంది కాబట్టి మిగతా 25 మంది పేర్లు కూడా వాళ్ళకు కనిపిస్తాయి. అందుకే "టిక్ లేని పేర్లకు రిమైండర్, రికార్డింగ్ తప్ప ఇంకేమీ పంపకూడదు" అన్న వాక్యం రెండు వైపులా వర్తించేలా రాసుకోవాలి. పోస్టర్ చూసి వచ్చిన 20 మందికీ నియమం అదే, టిక్ పెట్టిన వైపుకే వెళ్తారు.

ఈ 45, 15 తేడా చూసి వాళ్ళు "మాకేం మిగిలింది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే పనంతా మీరు చేస్తున్నారు. దాంతో పాటు ఇంకొకటి ఇవ్వొచ్చు: రికార్డింగును ముందుగా వాళ్ళ వెబ్‌సైట్లోనే ఒక నెల పాటు ఉంచండి. ఆ నెలలో దాన్ని చూడటానికి వచ్చే కొత్తవాళ్ళు వాళ్ళ ఖాతాలోకే వెళ్తారు.

ఇక ఉత్తరం

వాళ్ళ సంస్థలో మార్కెటింగ్ గానీ భాగస్వామ్యాలు గానీ చూసే మనిషికి నేరుగా రాయండి. "కాంటాక్ట్" ఫారంలో వేస్తే అది సపోర్ట్ వాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. స్లైడ్ల కట్ట జత చేయకండి. ఫోన్‌లో ఒకటి రెండుసార్లు వేలితో జరిపితే ముగిసిపోయేంత ఉత్తరం చాలు.

> విషయం: నెలాఖరు జీతాల తప్పులపై 45 నిమిషాల వెబినార్, మీతో కలిసి
>
> నమస్తే ______ గారు,
>
> మేము చిన్న సంస్థలకు జీతాల సాఫ్ట్‌వేర్ అందిస్తాం. జీతం తప్పు పడిందని మా కస్టమర్లు ఫోన్ చేసినప్పుడు వెతికితే చాలాసార్లు అది హాజరు పట్టీలోనే మొదలై ఉంటోంది: ఆలస్యంగా మంజూరైన సెలవు, పట్టీలో మారని షిఫ్టు. ఆ భాగం మీకు మా కంటే బాగా తెలుసు.
>
> "హాజరు పట్టీ నుంచి జీతం చీటీ దాకా" అనే పేరుతో కలిసి ఒక వెబినార్ చేయాలని మా ఆలోచన. మీ వక్త 15 నిమిషాలు, మా వక్త 15 నిమిషాలు, ప్రశ్నలకు 15.
>
> మీ వైపు పని: ఒక వక్త, మీ ఖాతాలో రిజిస్ట్రేషన్ పేజీ, మీ లిస్టుకు రెండు మెయిళ్ళు. పేజీలో పెట్టాల్సిన మాటలు, మెయిళ్ళ ముసాయిదా, స్లైడ్లు, పోస్టర్లు, రిహార్సల్, రికార్డింగ్ అన్నీ మావే. మేము మా 1,500 మందిని పిలుస్తాం.
>
> లిస్టులు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉంటాయి. ఫారంలో మా గడిలో టిక్ పెట్టినవాళ్ళ వివరాలే మాకు ఇస్తే చాలు, మీ గడికీ అదే నియమం. రికార్డింగ్ మొదటి నెల మీ సైట్లోనే ఉంటుంది.
>
> వెబినార్‌కు నాలుగు వారాల తర్వాత వచ్చే మంగళ, బుధ, గురువారాల్లో ఏదైనా మాకు వీలే. ఈలోగా వచ్చే మంగళవారం గానీ గురువారం గానీ 20 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడుకుందామా? పైన రాసినదాంట్లో ఏది మార్చాలన్నా నేరుగా చెప్పండి.

మీ లిస్టు ఎంతో అంకెతో సహా చెప్పడం గమనించారా? అది చిన్నదని దాచుకుంటే ఫోన్‌లో వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. అప్పుడు చెప్పిన 1,500 తక్కువగా వినిపిస్తుంది. ముందే చెబితే అదొక లోటులా ఉండదు, దానికి బదులు మీరు ఏం చేస్తున్నారో పక్కనే ఉంది కదా.

ఫోన్‌లో వచ్చే మాటలు

"బాగానే ఉంది, కానీ మేము మెయిల్ పంపలేం, సోషల్ మీడియాలో ఒక పోస్ట్ పెడతాం" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఒప్పుకునేముందు ఆగండి. ఒక పోస్టు కోసం ఇంత పని మీరు చేయనవసరం లేదు. "అయితే మీ న్యూస్‌లెటర్‌లో రెండు వరుసలు వేయగలరా? దానికి తగ్గట్టు రికార్డింగ్ మా సైట్లో పెట్టుకుంటాం" అని అడగండి. అదీ కుదరదంటే మర్యాదగా వాయిదా వేసుకోవడమే నయం.

"వచ్చినవాళ్ళందరి పేర్లూ చెరిసగం పంచుకుందాం" అని మరికొందరు అంటారు. అది ఉదారంగా కనిపిస్తుంది కానీ, టిక్ పెట్టనివాళ్ళు మీ మెయిల్ చూసి "వీళ్ళెవరు?" అనుకుంటారు. ఆ చిరాకు వాళ్ళ కస్టమర్ల దగ్గర వాళ్ళకే చెడ్డపేరు తెస్తుందని చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

చివర్లో అమ్మకం మాట ఎవరు చెబుతారో కూడా ఆ ఫోన్‌లోనే తేల్చుకోండి. చెరో రెండు నిమిషాలు, ప్రశ్నలకు ముందు. ప్రశ్నల తర్వాత పెడితే అప్పటికి సగం మంది వెళ్ళిపోతారు, రెండో వక్త ఖాళీ గదికి చెప్పుకున్నట్టవుతుంది.

ఒప్పుకున్నాక ఒక పేజీ

ఫోన్ పెట్టేసిన రోజే అనుకున్నవన్నీ ఒక పేజీలో రాసి పంపండి. వకీలు భాష అక్కర్లేదు. పని, దాని పక్కన మనిషి పేరు, తేదీ ఉంటే చాలు. వెబినార్‌కు మూడు వారాల ముందు రిజిస్ట్రేషన్ పేజీ సిద్ధం, రెండు వారాల ముందు ఇద్దరి మొదటి మెయిల్, నాలుగు రోజుల ముందు రెండోది, రెండు రోజుల ముందు వక్తలిద్దరితో పూర్తి రిహార్సల్. ఆ రోజు ఉదయం రిజిస్టర్ అయినవాళ్ళకు రిమైండర్. రిజిస్టర్ అయినవాళ్ళలో సగానికి తక్కువ మందే రావడం మామూలు కాబట్టి ఆ ఉదయం మెయిల్ మాత్రం తప్పకూడదు.

ఆ పేజీలో ఆపే షరతు కూడా రాసుకోండి. ఉదాహరణకు, వారం ముందు లెక్క చూసినప్పుడు 50 మంది కూడా రిజిస్టర్ కాకపోతే రెండు వారాలు వాయిదా వేసి, పేరు మార్చి మళ్ళీ పిలుస్తాం అని. ఇది ముందే రాసి లేకపోతే ఆ రోజు ఎవరూ నోరు విప్పరు, పదిమంది ముందు ఇద్దరు వక్తలు మాట్లాడి వెళ్ళిపోతారు.

వెబినార్ మర్నాడే రికార్డింగ్ లింక్ అందరికీ వెళ్ళాలి, రిజిస్ట్రేషన్ పేజీ ఎవరిదో వాళ్ళ నుంచి. టిక్ పెట్టినవాళ్ళ జాబితా అదే రోజు మీ చేతికి రావాలి. వారం ఆలస్యమైతే మీ పేరు వాళ్ళకు గుర్తుండదు. ఇద్దరికీ కస్టమర్లైనవాళ్ళు అందులో ఉంటే, వెబినార్‌లో ఎవరి సరుకు గురించి ప్రశ్న అడిగారో ఆ సంస్థే మొదట మాట్లాడుతుందని రాసుకుంటే ఒకే మనిషికి ఒకే రోజు రెండు ఫోన్లు వెళ్ళవు.

జవాబు రాకపోతే

వారం ఆగి ఒక్కసారి గుర్తు చేయండి. "నా మెయిల్ చూశారా" అని కాదు, ఉపయోగపడే కొత్త ముక్క ఒకటి జతచేసి. వెబినార్‌లో చూపించాలనుకున్న హాజరు పట్టీ నమూనా ఒక పేజీ, ఎర్ర రంగులో తప్పు ఎక్కడ పుట్టిందో గుర్తు పెట్టి పంపితే, ఉత్తరం చదవనివాళ్ళు కూడా ఆ బొమ్మ చూస్తారు. దానికీ జవాబు లేకపోతే అదే ఉత్తరాన్ని ఇంకో హాజరు యాప్ సంస్థకు పంపండి. మార్చాల్సింది పేరు, లిస్టుల తేడాను బట్టి పని పంపకం, అంతే. మొదటివాళ్ళు నెల తర్వాత "ఇప్పుడు చేద్దాం" అని వస్తే, ఇప్పటికే ఇంకొకరితో తేదీ పెట్టుకున్నారని దాచకుండా చెప్పి, వేరే విషయం మీద తర్వాతి నెల తేదీ ఒకటి అడగండి.